ఫోటో మీద పేరు, చీర కనబడేలా

మంగళగిరిలో చీర మగ్గం దిగిన రోజే దాని ఫోటో వాట్సాప్‌కి ఎక్కుతుంది. సాయంత్రానికల్లా అది ఎవరి స్టేటస్‌లో తేలుతుందో తీసినవాళ్లకే తెలియదు. చీర మీది, ఫోటో మీది, కింద ఫోన్ నంబరు మాత్రం ఇంకెవరిదో. పైగా ధర రెండొందలు తక్కువ. నమ్మి డబ్బు పంపినవాళ్లకు చేనేతకు బదులు మరమగ్గం నకలు వస్తుంది. అదే ఫోటో ఎప్పుడో మీ పేజీలో చూసినవాళ్లు ఉంటే తిట్లు మీకే వస్తాయి.

అందుకే ఫోటో మీద దుకాణం పేరు వేయాలనుకుంటారు. పేరు దట్టంగా వేస్తే చీర కనబడదు, మూలన చిన్నగా వేస్తే వేలితో కత్తిరించి పారేస్తారు. వీటికి మధ్యేమార్గం సగం పారదర్శకంగా ఉండే అక్షరాలు. పేరు చదవగలగాలి, దాని కింది నేత కూడా కనబడాలి. ఒక్క ఫోటోకైతే ఫోన్‌లోనే ఏదో ఒక యాప్‌తో అయిపోతుంది. దసరాకు వందల చీరలు దిగినప్పుడు ఒక్కొక్కటీ తెరిచి, పేరు రాసి, జరిపి, సేవ్ చేసుకుంటూ పోతే పండగ కూడా వెళ్లిపోతుంది. మొత్తం ఫోల్డర్‌కి ఒకేసారి వేయడానికి దారి ఉంది, డబ్బు ఖర్చు కూడా లేదు. అయితే కంప్యూటర్ ఒక పేరును వెయ్యిసార్లు వేస్తుందే గానీ ఎక్కడ వేయాలో, ఎంత లేతగా వేయాలో దానికి తెలియదు. అవి చీరను చూసి మనమే తేల్చాలి.

లేతదనంతోనే మొదలుపెడదాం, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఫోటోలో ప్రతి చుక్కకూ వెలుగు కొలత ఉంటుంది, సున్నా అంటే నలుపు, 255 అంటే తెలుపు. 35 శాతం తెల్ల అక్షరం అంటే ఆ చోట కొత్త చుక్కలో 35 పాళ్లు తెలుపు, 65 పాళ్లు పాత చీర కలిసి ఉంటాయి. ముదురు నీలం చీరలో వెలుగు 20 దగ్గర ఉందనుకోండి. అక్షరం పడ్డాక అది 102 అవుతుంది. 20 పక్కన 102 అంటే పేరు స్పష్టంగా కనబడుతుంది. అదే పేరు గోడ తెలుపు మీద పడితే? అక్కడ వెలుగు 245. లెక్క వేస్తే 248 వస్తుంది. మూడు అంకెల తేడా ఏ కంటికీ ఆనదు. పేరు వేశామనుకుంటాం, అక్కడ ఏమీ ఉండదు. హాఫ్‌వైట్ చీరలున్న దుకాణంలో సగం ఫోటోలు ఇలా ఉత్తవే మిగులుతాయి.

చాలామంది అప్పుడు తెలుపును 60, 70 శాతానికి పెంచుతారు. దాంతో తెల్ల చీర మీద లాభం ఉండదు, నీలం చీర మాత్రం పాడవుతుంది. విరుగుడు వేరే ఉంది. అదే పేరును ముందు 35 శాతం నలుపుతో వేసి, దాని మీద రెండు చుక్కలు పక్కకు జరిపి 35 శాతం తెలుపుతో మళ్లీ వేయాలి. తెల్ల గోడ మీద ఇప్పుడు అక్షరం లోపలి భాగం 193 దగ్గర, అంచున తొంగిచూసే నల్ల గీత 159 దగ్గర నిలబడతాయి. చుట్టూ 245 ఉంది కాబట్టి పేరు తేలిగ్గా చదవొచ్చు. ముదురు చీర మీద నల్ల గీత కలిసిపోయి తెలుపు పైకి వస్తుంది. లేతా ముదురూ కాని రంగుల మీద లోపలి తెలుపు పెద్దగా ఆనకపోయినా అంచు గీత అక్షరాన్ని పట్టి చూపిస్తుంది. ఏ రంగు చీరకైనా ఒకే ఆదేశం సరిపోవాలంటే ఈ జంట పూత తప్పదు.

ఇక చోటు. మంగళగిరి చీరకు ఒక వెసులుబాటు ఉంది. సంప్రదాయంగా ఒళ్ళు సాదాగా ఉంటుంది, అందమంతా నిజాం అంచులో, కొంగు జరీలో ఉంటుంది. కొనేవాళ్లు ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూసేది కూడా ఆ రెండింటినే. కాబట్టి పేరు ఒంటి మీద, ఫోటో నడుమన పడాలి. అక్కడ కత్తిరించడానికి వీల్లేదు, కత్తిరిస్తే చీరే పోతుంది. అదే పోచంపల్లి ఇక్కత్ చీర అయితే ఒంటి నిండా నమూనాలే. 35 శాతం పేరును ఆ గజిబిజి మింగేస్తుంది. అలాంటి చీరలకు విడిగా ఒక ఫోల్డర్ పెట్టుకుని, అక్షరాలు లావుగా, పెద్దవిగా, 45 శాతంతో వేసుకోవడం మేలు. పేరును ఫోటో నిండా వరుసలుగా ముద్రించే పద్ధతి కూడా ఉంది. దొంగకు అది నిజంగానే కష్టం. కానీ చీర కొనేవాళ్లకు అంతకంటే కష్టం, రంగంతా తెల్లబారి కనబడుతుంది. అసలు రంగు తెలియక కొని, వచ్చాక తిప్పి పంపేవాళ్ల బెడద దొంగల బెడద కంటే చిన్నదేం కాదు. నా ఓటు నడుమన ఒక్క పేరుకే.

పనిముట్టు విషయానికొస్తే, నేను చెప్పబోయేది ఇమేజ్‌మ్యాజిక్. జాన్ క్రిస్టీ అనే ఇంజనీరు 1987లో డ్యూపాంట్ కంపెనీలో పనిచేస్తుండగా మొదలుపెట్టింది, 1990లో అందరికీ ఉచితంగా విడుదలైంది. దీనికి బొమ్మల తెర లేదు. నల్ల కిటికీలో ఒక వాక్యం రాసి ఎంటర్ కొట్టాలి. చూడగానే బెదురు పుడుతుంది గానీ ఆ వాక్యాన్ని ఒకసారి నోట్‌ప్యాడ్‌లో దాచుకుంటే ప్రతి పండక్కీ అదే పనికొస్తుంది. విండోస్‌లో imagemagick.org నుంచి దించుకుని ఇన్‌స్టాల్ చేయాలి. మ్యాక్‌లో హోమ్‌బ్రూ ఉన్నవాళ్లు `brew install imagemagick` అంటే చాలు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి `magick -version` కొడితే వెర్షన్ సంఖ్య కనబడాలి. పాత పాఠాల్లో `magick` బదులు `convert` అని ఉంటుంది. విండోస్‌లో అదే పేరుతో డిస్కు ఫార్మాట్ మార్చే వేరే ప్రోగ్రామ్ ఒకటుంది కాబట్టి ఆ పాత వాక్యాల జోలికి పోకండి.

ఒక చిన్న చీరల దుకాణం అనుకుందాం. ఫోన్‌తో తీసిన ఫోటోలన్నీ C డ్రైవ్‌లో photos అనే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఒక్కోటి 4000 చుక్కల వెడల్పు, 3000 ఎత్తు. కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా తీశారు. ముందుగా పేరు వేసిన ఫోటోలు పడడానికి ఒక ఖాళీ ఫోల్డర్ తయారు చేసి, తర్వాత అసలు వాక్యం రాయాలి.

```
cd /d C:\photos
mkdir marked
magick mogrify -path marked -auto-orient ^
 -resize "1600x1600>" -quality 88 ^
 -font Arial -pointsize 70 -gravity center ^
 -fill "rgba(0,0,0,0.35)" -annotate +2+2 "SHOP NAME" ^
 -fill "rgba(255,255,255,0.35)" -annotate +0+0 "SHOP NAME" ^
 *.jpg
```

వరస చివర ఉన్న `^` గుర్తుకు అర్థం వాక్యం ఇంకా అయిపోలేదని, మ్యాక్‌లోనైతే దాని బదులు `\` పెట్టాలి. `SHOP NAME` ఉన్న రెండు చోట్లా మీ పేరు రాసుకోవాలి. ఎంటర్ కొట్టాక కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తప్పు లేకపోతే అది ఏమీ మాట్లాడదు. marked ఫోల్డర్ తెరిచి చూస్తే ఒక్కొక్క ఫోటో వచ్చి పడుతుంటుంది.

ఈ వాక్యంలో ప్రాణం లాంటి ముక్క `-path marked`. mogrify స్వభావం ఏమిటంటే, చోటు చెప్పకపోతే ఉన్న ఫోటో మీదే రాసేస్తుంది. అడగదు, హెచ్చరించదు, వెనక్కి తీసుకునే బటన్ కూడా లేదు. `-path` మరిచిపోతే మీ అసలు ఫోటోలన్నీ చిన్నవైపోయి, పేరు పడి, శాశ్వతంగా అలాగే మిగులుతాయి. marked అనే ఫోల్డర్‌ను అది తనంతట తయారు చేసుకోదు కూడా. అందుకే ముందు `mkdir` కొట్టాం. ఎన్ని జాగ్రత్తలు తెలిసినా సరే, photos ఫోల్డర్‌కు ఇంకో నకలు పెన్‌డ్రైవ్‌లోనో మరో డిస్కులోనో పెట్టుకున్నాకే మొదటిసారి ఎంటర్ కొట్టండి.

`-auto-orient` లేకపోతే ఏమవుతుందో నిలువు ఫోటోల్లో తెలుస్తుంది. ఫోన్‌ను నిలువుగా పట్టి తీసినా చాలా ఫోన్లు బొమ్మను అడ్డంగానే దాచుకుని, ‘చూపించేటప్పుడు తిప్పండి’ అని పక్కన ఒక గుర్తు రాసుకుంటాయి. మనకు తెర మీద నిలువుగానే కనబడుతుంది కాబట్టి ఆ సంగతి తెలియదు. ఇమేజ్‌మ్యాజిక్ మాత్రం దాచిన అడ్డ బొమ్మ మీదే పేరు రాస్తుంది. తర్వాత ఫోన్ దాన్ని తిప్పి చూపించేసరికి చీర నిలబడి ఉంటుంది, పేరు మాత్రం పక్కకు పడుకుని ఉంటుంది. పేరు రాయకముందే బొమ్మను నిజంగా తిప్పేయమని చెప్పేదే ఆ ముక్క. అందుకే దాన్ని అన్నిటికంటే ముందు పెట్టాలి.

క్రమం ముఖ్యమైన చోటు ఇంకొకటి ఉంది. అక్షరాల సైజు 70 అంటే దాదాపు 70 చుక్కల ఎత్తు. అది ఫోటో ఎంత పెద్దదో చూసుకోదు. 4000 చుక్కల ఫోటో మీద ఆ పేరు చీమలా ఉంటుంది, నేతగాడు వాట్సాప్‌లో పంపిన వెయ్యి చుక్కల ఫోటో మీద అడ్డగోడలా ఉంటుంది. అందుకే ముందు పెద్ద ఫోటోలన్నిటినీ ఒక కొలతకు తెచ్చి, ఆ తర్వాత పేరు వేయాలి. `1600x1600>` అంటే పొడవైన వైపు 1600కు మించకుండా కుదించమని. అడ్డం ఫోటో 1600 వెడల్పు 1200 ఎత్తు అవుతుంది, నిలువుది 1200 వెడల్పు అవుతుంది. 70 సైజులో పదహారు ఇంగ్లిష్ పెద్దక్షరాలు సుమారు 700 నుంచి 800 చుక్కల దాకా వస్తాయి. అంటే నిలువు ఫోటోలో సగానికి కొంచెం ఎక్కువ, అడ్డం ఫోటోలో సగానికి కొంచెం తక్కువ. మీ పేరు అంతకంటే పొడవైతే సైజు తగ్గించుకోవాలి, లేకపోతే చివరి అక్షరాలు ఫోటో దాటి బయటికి పోతాయి. చివర ఉన్న `>` గుర్తు చిన్న ఫోటోలను సాగదీయవద్దని చెబుతుంది. దాన్ని కొటేషన్ గుర్తుల మధ్యే ఉంచాలి. అవి తీసేస్తే కంప్యూటర్ ఆ గుర్తును ‘ఫలితాన్ని ఫైల్‌లో రాయి’ అనే ఆజ్ఞగా తీసుకుంటుంది. ఫోల్డర్‌లో -quality లాంటి పేరుతోనో మరే వింత పేరుతోనో ఉత్త ఫైల్ ఒకటి పుట్టుకొచ్చిందంటే కారణం అదేనని తెలుసుకోవచ్చు.

1600 అనే అంకెకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. మీ దగ్గర 4000 చుక్కల అసలు ఉంటుంది, బయట తిరిగేది 1600 చుక్కలది మాత్రమే. ఆ తేడా తర్వాత అక్కరకొస్తుంది.

తెలుగులో పేరు వేయాలనుకునేవాళ్లకు వేరే మెలిక ఉంది. పై వాక్యంలో ‘శ్రీ’ అని తెలుగులో రాస్తే మూడు రకాలుగా చెడిపోవచ్చు. ఖాళీ డబ్బాలు కనబడితే ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవని అర్థం. ఏరియల్‌లో అవి ఉండవు. ప్రశ్నార్థకాలు కనబడితే నల్ల కిటికీ తెలుగును అందుకోలేక ముందే పాడు చేసిందన్నమాట. మూడోదే అసలు తలనొప్పి. అక్షరాలు తెలుగే అయినా ‘శ’, దాని పక్కన పొల్లు, ఆ పక్కన ‘రీ’ విడివిడిగా నిలబడతాయి. ఒత్తు కిందికి దిగదు. మన లిపిలో అక్షరాలు ఒకదాని కింద ఒకటి చేరి రూపం మార్చుకుంటాయి కదా, ఆ పని చేసే రాక్మ్ అనే భాగం మీ ఇమేజ్‌మ్యాజిక్‌లో లేకపోతే ఇలాగే అవుతుంది. `magick -version` కొట్టినప్పుడు చివర వచ్చే Delegates వరసలో raqm అనే మాట ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

ఉన్నా లేకపోయినా, తెలుగుకు నేను నమ్మే దారి ఒకటే. పేరును వాక్యంలో రాయకుండా బొమ్మగా ముందే తయారు చేసుకోవాలి. ఇంక్‌స్కేప్ లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో తెలుగు చక్కగా కుదురుతుంది. నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌లో పేరు రాసి, దాని కింద నల్ల నకలు రెండు చుక్కలు జరిపి పెట్టి, రెండింటికీ 35 శాతం ఇచ్చి, వెనక రంగేమీ లేకుండా 800 చుక్కల వెడల్పున PNGగా దాచాలి. దానికి mark.png అని పేరు పెట్టి photos ఫోల్డర్‌లోనే ఉంచితే వాక్యం ఇంకా చిన్నదవుతుంది.

```
magick mogrify -path marked -auto-orient ^
 -resize "1600x1600>" -quality 88 -gravity center ^
 -draw "image over 0,0 0,0 'mark.png'" *.jpg
```

ఇలా చేస్తే ఒత్తులూ గుణింతాలూ మీరు చూసినట్టే పడతాయి. దుకాణం గుర్తు, ఫోన్ నంబరు కూడా ఆ బొమ్మలోనే చేర్చుకోవచ్చు. JPG మాత్రం పనికిరాదు. దానికి పారదర్శకత తెలియదు కాబట్టి పేరు చుట్టూ తెల్లటి పలక అంటుకుని వస్తుంది.

నల్ల కిటికీ అసలే వద్దనేవాళ్లకు ఎక్స్‌ఎన్‌కన్వర్ట్ అనే ప్రోగ్రామ్ ఉంది. Input లో ఫోటోలు, Actions లో తిప్పడం, కుదించడం, పేరు వేయడం, Output లో పడాల్సిన చోటు, ఇంతే దాని వరస. సొంత వాడకానికి ఉచితం, వ్యాపారానికి లైసెన్స్ కొనాలి. దాంట్లోనూ పైన చెప్పిన క్రమమే పాటించాలి.

ఫోల్డర్ మొత్తానికి వేయకముందు మూడే మూడు ఫోటోలతో చూసుకోవాలి. ఒకటి తెల్ల చీర, ఒకటి నలుపో ముదురు నీలమో, ఒకటి ఒంటి నిండా నమూనా ఉన్నది. వాటిని ఇంకో ఫోల్డర్‌లో పెట్టి వాక్యం నడిపి, ఫలితాన్ని మీ ఇంట్లోవాళ్ల ఫోన్‌కి వాట్సాప్‌లో పంపండి. కంప్యూటర్ తెర మీద చూసి తేల్చుకోవద్దు. కొనేవాళ్లు చూసేది ఫోన్‌లో, పైగా వాట్సాప్ ఫోటోను ఇంకోసారి పిండుతుంది. కంప్యూటర్‌లో సన్నగా అందంగా ఉన్న అక్షరాలు అక్కడ మసకబారిపోతాయి. చెయ్యి చాపి పట్టుకుని చూస్తే పేరు చదవగలగాలి, ఫోటోను పెద్దది చేస్తే పేరు కింద నేత పోగులు కనబడాలి. రెండూ కుదిరే దాకా 0.35ను 0.30కో 0.40కో మార్చి చూసుకోవచ్చు. అంతకు మించి అటూ ఇటూ పోవాల్సిన అవసరం చాలా అరుదు.

మూడూ బాగున్నాక మొత్తం ఫోల్డర్ నడిపి, రెండు ఫోల్డర్లలోనూ ఫోటోల లెక్క సరిపోయిందో లేదో చూడాలి. తక్కువొస్తే కారణం ఎక్కువసార్లు ఫైల్ తోకలో ఉంటుంది. `*.jpg` అని చెప్పాం కాబట్టి .jpeg తోకవి, ఐఫోన్ తీసే .heic తోకవి పక్కనే ఉండిపోతాయి. మ్యాక్‌లోనైతే .JPG అని పెద్దక్షరాల్లో ఉన్నవీ తప్పిపోతాయి. చివరి వరసను ఆ తోకకు మార్చి మళ్లీ నడిపితే సరి. heicకి మాత్రం `-format jpg` అని కూడా చేర్చాలి.

రంగుల గురించి ఒక మాట చెప్పకపోతే చీరలవాళ్లకు అన్యాయం చేసినట్టే. ఫోన్ ఫోటో లోపల కంటికి కనబడని సమాచారం చాలా ఉంటుంది. లొకేషన్ ఆన్ చేసి తీస్తే ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా అందులో ఉంటుంది. ఇంట్లో నుంచి అమ్మే ఆడవాళ్లకు ఇది మంచిది కాదు. వాట్సాప్ ఫోటోగా పంపితే అది పోతుంది గానీ డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది. దాన్ని తీసేయడానికి `-strip` చేర్చమని చాలామంది చెబుతారు. అది లొకేషన్‌తో పాటు రంగుల ప్రొఫైల్‌ను కూడా ఊడబెరుకుతుంది. ఐఫోన్ ఫోటోలు మామూలు కంటే విశాలమైన రంగుల కొలతలో ఉంటాయి. ప్రొఫైల్ పోతే తెరకు ఆ సంగతి తెలియక రాణీ గులాబీ వెలిసిపోయినట్టు చూపిస్తుంది. పేరు వేశాక చీరలన్నీ ఎందుకో పాలిపోయాయంటే అక్షరాలను తిట్టకుండా `-strip` ఉందేమో చూడండి. దాని బదులు ఈ ముక్కను `-auto-orient` తర్వాత పెడితే రంగుల ప్రొఫైల్ ఒక్కటే ఉండి మిగతాదంతా పోతుంది.

```
+profile "!icc,*"
```

ఇక పేరు వేయకూడని చోట్లు. అమెజాన్‌లో ప్రధాన ఫోటో వెనక అచ్చ తెలుపు ఉండాలి, దాని మీద రాతలు గానీ లోగోలు గానీ వాటర్‌మార్క్ గానీ ఉండకూడదు. గూగుల్ షాపింగ్‌కి ఇచ్చే ఫోటోలకూ వాటర్‌మార్క్ నిషేధమే. మీ దగ్గర సరుకు తీసుకుని అమ్మే రీసెల్లర్లు కూడా పేరు లేని ఫోటోలే అడుగుతారు, వాళ్ల పేరు వేసుకోవాలి కదా. కాబట్టి ఒకే రకం ఫోటోలు అందరికీ పంపడం కుదరదు. photos ఫోల్డర్ శుభ్రంగా ఉంటే ఈ అవసరాలన్నీ దాని నుంచే తీరతాయి. ఫోన్ నంబరు మారినా, దుకాణం పేరు మారినా మళ్లీ అక్కడి నుంచే వేసుకోవాలి. marked లోని వాటి మీద ఇంకోసారి వేస్తే పాత పేరు మీద కొత్త పేరు పడి రెండూ చదవరాకుండా పోతాయి. పైగా JPG సేవ్ అయిన ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది, జరీ గీతల పక్కన బూజులాంటి మసక తేలుతుంది.

ఇంత చేశాక ఈ పేరును చెరపలేరా అంటే, చెరపగలరు. 2017లో గూగుల్ పరిశోధకులు సీవీపీఆర్ సదస్సులో ఒక పత్రం ప్రకటించారు. ఒకే వాటర్‌మార్క్‌ను వందల ఫోటోల మీద వేస్తే, ఆ ఫోటోలన్నిటినీ కలిపి చూసి కంప్యూటర్ ఆ గుర్తును దానంతట అదే పసిగట్టి, కింది బొమ్మను దాదాపు ఉన్నదున్నట్టు బయటికి తీయగలదని చూపించారు. ఫోటోలు మారుతుంటాయి, వాటి మీది గుర్తు మాత్రం మారదు. అందుకే వాళ్ల పని తేలికైంది. అంటే ఫోల్డర్ మొత్తానికి ఒకే పేరు వేసే మన సౌకర్యమే దాని బలహీనత కూడా. పేరును ఫోటోకో చోటుకు జరిపినా, లేతదనం మార్చినా పెద్దగా ఆగదట. ప్రతి ఫోటోలోనూ అక్షరాల ఆకారాన్నే కంటికి తెలియనంత కొద్దిగా వంచితే చెరిపిన చోట మరకలు మిగులుతాయని కూడా ఆ పత్రంలోనే తేల్చారు. ఫోటోలు అమ్ముకుని బతికే సంస్థలకు ఆ వంపు అవసరం. చీర ఫోటో దొంగిలించేవాడికి అంత ఓపిక ఉండదు, పక్కనే పేరు లేని ఫోటో ఇంకొకటి దొరుకుతుంది. మీ పేరుతోనే ఫార్వర్డ్ చేశాడా, చూసినవాళ్లు ఆ నంబరు పట్టుకుని మీ దగ్గరికే వస్తారు. నేనైతే పేరు పక్కన ఊరి పేరో నంబరో ఉండాలనేది ఇందుకే.

చట్టం సంగతికొస్తే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకు కర్త దాన్ని తీసిన వ్యక్తి. వేరే ఒప్పందం లేకుండా డబ్బిచ్చి తీయించుకుంటే హక్కు తీయించుకున్నవాళ్లది. రిజిస్ట్రేషన్ లేకపోయినా ఆ హక్కు ఉంటుంది, పేరు వేయకపోయినా ఉంటుంది. కాబట్టి వాటర్‌మార్క్ కొత్తగా హక్కునేమీ తెచ్చిపెట్టదు. 2012 సవరణలో వచ్చిన 65బి సెక్షన్ మాత్రం, హక్కుదారు పేరు వంటి సమాచారాన్ని అనుమతి లేకుండా కావాలని తొలగిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది.

చీరల వ్యాపారంలో కోర్టు దాకా వెళ్లేవాళ్లు తక్కువే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కాపీరైట్ ఫిర్యాదుకు ఫారం ఉంది. అందులో వాళ్లు పెట్టిన ఫోటో లింకు, మీరు ముందే పెట్టిన ఫోటో లింకు ఇచ్చి, మీ వివరాలు రాయాలి. అవతలివాడు ‘ఇది నాదే’ అని వాదించాడనుకోండి. వాడి దగ్గర ఉన్నది 1600 చుక్కలకు మించని, వాట్సాప్ పిండేసిన, పేరు చెరిపిన నకలు. మీ photos ఫోల్డర్‌లో ఉన్నది తీసిన తేదీ, ఫోన్ మోడల్ లోపల రాసి ఉన్న 4000 చుక్కల ఫోటో. అదే చీరను అదే గోడ ముందు తీసిన ముందూ వెనకా ఫోటోలు కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి.